గాలిలో కలిపిన వాసన బిల్లులో కనిపిస్తుందా?

ఫ్రాన్సు పశ్చిమ తీరాన బ్రిటనీ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఒక చిన్న పిజ్జా హోటల్లో నికొలా గెగాన్, క్రిస్టీన్ పెత్ర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. శనివారం సాయంత్రాలను ఎంచుకుని, ఒకసారి హోటల్లో లావెండర్ వాసన వదిలారు, ఇంకోసారి నిమ్మ వాసన, మరోసారి ఏ వాసనా కలపకుండా మామూలుగా వదిలేశారు. వచ్చినవాళ్లు ఎంతసేపు కూర్చున్నారు, ఎంత బిల్లు కట్టారు అన్న రెండే లెక్కలు రాసుకున్నారు. మెనూ, ధరలు, పిజ్జా అన్నీ ఎప్పటివే.

ఏ వాసనా లేని సాయంత్రం వచ్చినవాళ్లు సగటున 91 నిమిషాలు కూర్చుని, తలకు 17.5 యూరోలు ఖర్చు పెట్టారు. లావెండర్ ఉన్న సాయంత్రం దాదాపు 106 నిమిషాలు కూర్చున్నారు, 21 యూరోలు ఖర్చు పెట్టారు. నిమ్మ వాసనకు మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. రెండూ మంచి వాసనలే. ఒకటి మనిషిని కుర్చీలో వెనక్కి వాల్చింది, రెండోది ఏమీ చేయలేదు.

పెద్ద హోటళ్ల లాబీల్లో, నగల దుకాణాల్లో, మాల్స్‌లో అడుగుపెట్టగానే తగిలే ఆ చల్లని సువాసన వెనుక ఉన్నది ఈ ఆలోచనే. అక్కడ పూలు కనిపించవు, అగరుబత్తి వెలగదు. ఏసీ గాలిలోనే వాసన కలిసి వస్తుంది. దీన్ని సెంట్ మార్కెటింగ్ అంటున్నారు. యంత్రాలు అమ్మేవాళ్లు దీని గురించి చెప్పేదానికీ, పరీక్షల్లో తేలినదానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఎంతో తెలిస్తే కొనేవాళ్లకూ మంచిది, దుకాణం నడిపేవాళ్లకు ఇంకా మంచిది.

ముందు పిజ్జా హోటల్ సంగతే ఇంకాస్త చూద్దాం. ఆ లెక్కలోకి వచ్చినవాళ్లు మొత్తం 88 మంది. మూడు భాగాలు చేస్తే ఒక్కో రకానికి ముప్పై మంది కూడా లేరు. లావెండర్ పెట్టిన సాయంత్రమే పుట్టినరోజు జరుపుకునే కుటుంబం ఒకటి వచ్చి కూర్చున్నా సగటు మారిపోతుంది. కాబట్టి దీన్ని ఒక సూచనగా తీసుకోవాలి తప్ప సూత్రంగా కాదు. పైగా జనం ఎక్కువసేపు కూర్చోవడం ప్రతి హోటల్‌కూ లాభం కాదు. ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో బిర్యానీ కోసం గుమ్మం బయట టోకెన్ పట్టుకుని జనం నిలబడి ఉన్నప్పుడు, లోపలి టేబుళ్ల దగ్గర తలా పావుగంట అదనంగా కూర్చుంటే యజమానికి అది నష్టమే. సగం ఖాళీగా ఉండే హోటల్‌కు పనికొచ్చే వాసన, కిటకిటలాడే హోటల్‌కు పనికిరాదు.

వాసనకు మన మనసు మీద ఇంత పట్టు ఎందుకుందో చెప్పే శాస్త్రం పెద్ద కష్టమేమీ కాదు. ముక్కు లోపల పైభాగాన వాసనల్ని పట్టే గ్రాహకాలు ఉంటాయి. మనిషిలో ఇవి సుమారు 400 రకాలు. వీటి వెనుక ఉన్న జన్యువుల్ని కనిపెట్టినందుకే రిచర్డ్ యాక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. చూపు, వినికిడి లాంటివి మెదడులో థాలమస్ అనే కూడలి దాటి మిగతా చోట్లకు వెళ్తాయి. వాసన కబురు ఆ కూడలితో పని లేకుండా, ఇష్టాయిష్టాలకూ భయానికీ సంబంధించిన అమిగ్డలా దగ్గరికి, జ్ఞాపకాలు చూసుకునే భాగాల దగ్గరికి నేరుగా చేరుతుంది. అందుకే వాసన తగిలీతగలగానే బాగుందనో బాగాలేదనో ముందే అనిపిస్తుంది. అది దేని వాసనో ఆ తర్వాత తడుముకుంటాం, ఒక్కోసారి పేరు అసలే తట్టదు.

అయితే ఆ ఇష్టాయిష్టాల్లో ఎక్కువ భాగం మనం పెరిగిన చోటు నేర్పినవే. వింటర్‌గ్రీన్ అనే ఆకు వాసన ఇందుకు మంచి ఉదాహరణ. 1960లలో బ్రిటన్‌లో అడిగితే అది జనానికి బాగా నచ్చని వాసనల్లో ఒకటిగా తేలింది. 1970లలో అమెరికాలో అడిగితే బాగా నచ్చిన వాసనల్లో ఒకటిగా వచ్చింది. బ్రిటన్‌లో ఒక తరానికి అది యుద్ధకాలపు మందుల వాసన. అమెరికాలో మిఠాయి బిళ్లల వాసన. మనకైతే అది ఒంటినొప్పులకు రాసుకునే బామ్ వాసన, ఎందుకంటే ఆ బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేటే వింటర్‌గ్రీన్ నూనెలోనూ ఉంటుంది. అమెరికాలో మిఠాయి కొట్టుకు సరిపోయిన వాసనను తెచ్చి విజయవాడ బట్టల దుకాణంలో వదిలితే, లోపలికి వచ్చినవాళ్లకు చీరలు కాదు, అమ్మమ్మ మోకాళ్లు గుర్తొస్తాయి.

మన దుకాణాల్లో పొద్దున్నే గల్లాపెట్టె దగ్గర పటానికి అగరుబత్తి వెలిగించి, సాయంత్రం దీపాల వేళ సాంబ్రాణి పొగ షాపంతా తిప్పడం ఎప్పటినుంచో ఉంది. అది అమ్మకాల కోసం చేసే ఉపాయం కాదు, పూజ. కానీ ఆ వాసనకు మన ముక్కు ఒక అర్థం నేర్చుకుంది. ఇక్కడ శుభ్రం చేశారు, దీపం పెట్టారు, బోణీ మొదలైంది అని అది చెప్తుంది. బయటి దేశపు కంపెనీ క్యాటలాగ్‌లోని సీసాను ఎంచుకునే ముందు ఈ సంగతి ఆలోచించే దుకాణదారులు తక్కువ.

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ప్రయోగం స్విట్జర్లాండ్‌లో జరిగింది. సెయింట్ గాలెన్ అనే ఊళ్లో ఇంటి అలంకరణ వస్తువులు అమ్మే దుకాణం అది. ఆండ్రియాస్ హెర్మన్, ఎరిక్ స్పాంగెన్‌బర్గ్, వాళ్ల సహచరులు అక్కడ రెండు వాసనల్ని పోటీకి పెట్టారు. మొదటిది అచ్చంగా నారింజ వాసన. రెండోది నారింజకు బేసిల్ అనే తులసి జాతి ఆకునూ, గ్రీన్ టీనీ కలిపిన మిశ్రమం. ముందుగానే కొందరికి చూపించి, రెండూ దాదాపు ఒకే మాదిరిగా నచ్చుతున్నాయని నిర్ధారించుకున్నారు. ఈ జాగ్రత్త ముఖ్యం. లేకపోతే తేడా వచ్చినప్పుడు, ఒక వాసన ఎక్కువ నచ్చింది కాబట్టి ఎక్కువ కొన్నారు అని ఎవరైనా అనవచ్చు. తర్వాత పద్దెనిమిది పనిదినాల పాటు, నారింజ ఉన్న రోజులు, మిశ్రమం ఉన్న రోజులు, ఏమీ లేని రోజులు అని పంచి, నాలుగు వందల మందికి పైగా కొనుగోలుదార్లను గమనించారు.

2013లో వెలువడిన ఫలితం ఇది. అచ్చమైన నారింజ వాసన ఉన్నప్పుడు జనం సగటున 20 శాతం ఎక్కువ ఖర్చు పెట్టారు. ఆ మూడు వాసనల మిశ్రమానికి మాత్రం, ఏ వాసనా లేకపోవడానికీ తేడా కనిపించలేదు.

కారణం వెతకడానికి వాళ్లు విద్యార్థుల్ని కూర్చోబెట్టి, ఇవే వాసనల మధ్య పదాల చిక్కుముడులు విప్పమన్నారు. నారింజ వాసనలో ఉన్నవాళ్లు ఎక్కువ చిక్కుముడులు విప్పారు, త్వరగా విప్పారు. పరిశోధకులు చెప్పిన వివరణ తేలికైనది. తెలిసిన వాసనను మనసు వెంటనే గుర్తుపట్టి పక్కన పెట్టేస్తుంది. మిశ్రమం తగిలితే, ఇదేమిటి, ఎక్కడో చూసినట్టుందే అని మనసులో ఒక మూల మనకు తెలియకుండానే వెతుకులాట నడుస్తూ ఉంటుంది. ఆ మేరకు చేతిలో ఉన్న వస్తువు మీద ధ్యాస తగ్గుతుంది. అంటే మంచి వాసన చేసే పని మనిషిని మత్తులో పడేసి కొనిపించడం కాదు, ఎంచుకునే పనికి అడ్డం రాకుండా ఉండడం. హోటళ్లూ బ్రాండ్లూ తమకంటూ ప్రత్యేకంగా పదిరకాల పూలూ చెక్కలూ కలిపిన వాసన తయారుచేయించుకోవడానికి డబ్బు పోస్తున్నాయి. అలాంటి వాసన ఆ హోటల్‌ను గుర్తు పెట్టుకోవడానికి పనికిరావచ్చు. అమ్మకం పెరగాలంటే మాత్రం కమలాపండు తొక్క ఒలిచినంత సాదా వాసనే మేలని ఈ ప్రయోగం చెప్తోంది.

వాసన చుట్టూ ఉన్న మిగతావాటితో కలవాలన్నది రెండో నియమం. సింగపూర్‌లో బహుమతుల దుకాణంలో అన్నా మత్తిలా, యోహెన్ విర్ట్జ్ చేసిన ప్రయోగం 2001లో అచ్చయింది. వాళ్లు లావెండర్‌ను నెమ్మదైన సంగీతంతో, హుషారెక్కించే పంపరపనస జాతి గ్రేప్‌ఫ్రూట్ వాసనను వేగమైన సంగీతంతో జతచేశారు. జత కుదిరినప్పుడు జనం ఎక్కువ తృప్తిగా ఉన్నారు, అనుకోకుండా కొనడమూ పెరిగింది. జత తప్పినప్పుడు ఆ ఫలితం లేదు. లావెండర్ వాసన వదిలి, స్పీకర్లలో డీజే పాటలు మోగించే దుకాణం సగం డబ్బు గాలిలో కలుపుతున్నట్టే.

ఇప్పుడు యంత్రం సంగతి. పాత పద్ధతుల్లో నూనెను వేడిచేసేవారు. వేడికి వాసన స్వభావం మారిపోతుంది, తేలికైనవి ముందు ఎగిరిపోయి బరువైనవి అడుగున మిగులుతాయి. ఇప్పటి యంత్రాల్లో వేడి ఉండదు. చిన్న కంప్రెసర్ ఒత్తిడితో పంపే గాలి, సీసాలోని సుగంధ తైలాన్ని పైకి లాగి కంటికి కనిపించనంత సన్నని తుంపరగా చీలుస్తుంది. ఆ తుంపర ఏసీ డక్టులోకి వెళ్లి హాలంతా పరుచుకుంటుంది. తుంపర లావుగా ఉంటే గాలిలో తేలదు, నేల మీదా గాజు మీదా జిడ్డుగా పేరుకుంటుంది. డక్టు మూతుల కింద జిగురు, దాని మీద దుమ్ము కనిపిస్తే యంత్రం సరిగా పనిచేయడం లేదని అర్థం.

ఎంత వాసన వదలాలన్నది యంత్రంలో రెండు అంకెలతో తేలుతుంది. ఎన్ని సెకన్లు వదలాలి, ఎన్ని సెకన్లు ఆగాలి. నలభై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల ఎత్తున్న షోరూమ్ అనుకుందాం. అందులో పట్టే గాలి 14,400 ఘనపుటడుగులు, అంటే సుమారు 400 ఘనమీటర్లు. యంత్రం మీద రాసి ఉండే సామర్థ్యం ఈ లెక్కకు సరిపోవాలి. కానీ తలుపు అస్తమానం తెరుచుకునే బజారు దుకాణంలో, మెట్లమీదుగా పై అంతస్తుకు గాలి పోయే దుకాణంలో కాగితం మీద లెక్క నిలవదు. కాబట్టి తక్కువతో మొదలుపెట్టి, ఒక్కో రోజు కొద్దిగా పెంచుకుంటూ పోవాలి. వీధిలోంచి అప్పుడే లోపలికి అడుగుపెట్టిన మనిషికి లీలగా తెలియాలి. నాలుగడుగులు వేశాక మరిచిపోవాలి. ఆ మోతాదు సరైనది.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఏ వాసనలోనైనా కొన్ని నిమిషాలు ఉంటే ముక్కు దానికి అలవాటు పడి, ఇక చెప్పడం మానేస్తుంది. పొద్దుటినుంచి లోపలే ఉన్న మేనేజర్‌కు మధ్యాహ్నానికి వాసనే తెలియదు. యంత్రం పాడైందేమో అనుకుని మోతాదు పెంచుతాడు. మర్నాడు మళ్లీ అంతే. పదిరోజులు తిరిగేసరికి గుమ్మంలో అడుగుపెట్టిన వాళ్లకు ఘాటు గుప్పుమంటుంది, లోపలివాళ్లకు ఏమీ తెలియదు. అందుకే మోతాదు నిర్ణయించే పని లోపల పనిచేసేవాళ్లకు అప్పగించకూడదు. బయట కనీసం అరగంట తిరిగి వచ్చినవాళ్లే చెప్పాలి. కొనడానికి వచ్చినవాళ్లు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంటున్నారా, తుమ్ముతున్నారా, ఏసీ మూతి కింద నిలబడకుండా పక్కకు జరుగుతున్నారా అన్నది చూసినా తెలిసిపోతుంది.

ఈ అలవాటు పడే గుణం తినుబండారాల దగ్గర ఇంకో విచిత్రమైన మలుపు తీసుకుంటుంది. బేకరీ వాసన వస్తే నోరూరి ఎక్కువ కొంటామని అందరూ అనుకుంటాం. దీపాయన్ బిశ్వాస్, కోర్ట్నీ జాక్స్ 2019లో ప్రచురించిన పరిశోధనలో ఇది సగమే నిజమని తేలింది. కుకీల లాంటి తీపి వాసన అరనిమిషం లోపు తగిలితే జనం నిజంగానే నూనె, తీపి ఎక్కువున్న వాటివైపు మొగ్గారు. అదే వాసనలో రెండు నిమిషాలు దాటి ఉంటే తిరగబడింది. స్ట్రాబెర్రీ లాంటి పండ్ల వాసనలో ఉన్నవాళ్లతో పోలిస్తే అలాంటివి కొనడం తగ్గింది. ఒక బడి క్యాంటీన్‌లో పిజ్జా వాసన వదిలిన రోజున పిల్లలు కొన్న తిండిలో ఆరోగ్యానికి చెడ్డవి తక్కువయ్యాయి, ఆపిల్ వాసన వదిలిన రోజున అంతగా తగ్గలేదు. వాసనతోనే కొంత తిన్న తృప్తి కలుగుతుందని వాళ్ల వివరణ. పొద్దంతా మిఠాయి చేసేవాళ్లకు సాయంత్రానికి మిఠాయి మీదికి మనసు పోదని మన ఇళ్లలో అనుకునే మాటకు ఇది దగ్గరగానే ఉంది. కాబట్టి తీపి వాసన దారిన పోయేవాళ్లను లోపలికి పిలవడానికి పనికొస్తుంది. అందులోనే క్యూలో నిలబెడితే అంత పనికిరాదు.

యంత్రాలు అమ్మేవాళ్లు తరచూ చెప్పే కథ ఒకటుంది. లాస్ వెగాస్‌లో జూదపు యంత్రాల దగ్గర వాసన వదిలితే జనం వేసిన డబ్బు 45 శాతం పెరిగిందని. అలన్ హర్ష్ అనే వైద్యుడు 1995లో ఈ అధ్యయనం ప్రచురించిన మాట నిజమే. కానీ అందులో రెండు వాసనలు వాడితే ఒకదాని దగ్గరే ఆ పెరుగుదల కనిపించింది. చూసినది కూడా కొద్దిరోజుల లెక్కలే. మరోవైపు 2012లో క్రిస్టోఫ్ టెల్లర్, చార్లెస్ డెన్నిస్ పాత పరిశోధనల పద్ధతుల్ని గట్టిగా ప్రశ్నించారు. ఒక షాపింగ్ మాల్‌లో పకడ్బందీగా పరీక్ష జరిపి, వాసన వల్ల జనం మూడ్‌లోగానీ కొనుగోళ్లలోగానీ తేడా కనబడలేదని చెప్పారు. నా ఉద్దేశంలో రెండూ కలిపి చదవాలి. ఒకే తరహా వస్తువులున్న చిన్న దుకాణంలో తగిన వాసన కొంత పని చేయవచ్చు. చెప్పులూ సినిమా హాలూ తిండీ ఒకే కప్పు కింద ఉన్న మాల్‌లో ఏ ఒక్క వాసనా దేనికీ అతకదు.

గిట్టనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. 2006 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పాల ప్రకటన కోసం కొన్ని బస్‌స్టాపుల్లో కుకీల వాసన వచ్చే పట్టీలు అతికించారు. అలర్జీ ఉన్నవాళ్లూ మరికొందరూ అభ్యంతరం చెప్పడంతో నగరం వాటిని వెంటనే తీయించేసింది. వాళ్ల భయం ఉత్తది కాదు. నారింజ, నిమ్మ తైలాల్లో ఉండే లిమొనీన్ గాలికి ఆక్సీకరణం చెందితే చర్మానికి పడని పదార్థాలు పుడతాయి. గాలిలో ఓజోన్ ఉంటే దానితో కలిసి ఫార్మాల్డిహైడ్ కూడా కొద్దిగా తయారవుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పార్శ్వనొప్పి వచ్చేవాళ్లకు ఘాటు వాసనే చాలు. కొనడానికి వచ్చినవాళ్లు నచ్చకపోతే బయటికి పోతారు. కౌంటర్ వెనుక రోజుకు పది గంటలు నిలబడే అమ్మాయికి ఆ వీలు లేదు. యంత్రం పెట్టే ముందు ఆ అమ్మాయిని ఎవరూ అడగరు. అడగాలి. తలనొప్పి వస్తోందని ఇద్దరు చెప్పినా యంత్రం ఆపాలి.

ఇంత తెలిశాక కూడా పెట్టాలనుకునే దుకాణదారు నెలనెలా అద్దె కట్టే ముందు తన దుకాణంలో తనే పరీక్ష చేసుకోవచ్చు. శ్రావణం, దసరా, పెళ్లిళ్ల రోజులు కాకుండా ఎనిమిది మామూలు వారాలు ఎంచుకోవాలి. ఏ వారం వాసన పెట్టాలో చీటీలు వేసి తేల్చుకోవాలి, లేకపోతే అమ్మకాలు బాగుంటాయనుకున్న వారాల్లోనే పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఆ ఎనిమిది వారాల్లో డిస్కౌంట్లు, పాటలు, కొత్త సరుకు ఏవీ మార్చకూడదు. ఎంతమంది లోపలికి వచ్చారు, ఎన్ని బిల్లులయ్యాయి, సగటు బిల్లు ఎంత అన్న మూడు అంకెలు రాసుకుంటే చాలు.

ఉదాహరణకు ఒక చీరల దుకాణంలో వాసన లేని నాలుగు వారాల్లో సగటు బిల్లు 2,400, 2,550, 2,350, 2,500 రూపాయలు వచ్చిందనుకుందాం. వాసన ఉన్న నాలుగు వారాల్లో 2,500, 2,450, 2,600, 2,400 వచ్చింది. మొదటి సగటు 2,450, రెండోది 2,487. పైకి 37 రూపాయలు పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ వాసన లేని వారాల్లోనే ఒక వారానికీ ఇంకో వారానికీ 200 రూపాయల తేడా ఉంది. అలాంటప్పుడు ఈ 37 రూపాయలు వాసన తెచ్చినవని చెప్పడానికి వీల్లేదు. అమ్మడానికి వచ్చిన ఏజెంటు ఆ అంకె చూపించి ఏడాది ఒప్పందం మీద సంతకం అడిగితే, ఇంకో ఎనిమిది వారాలు ఉచితంగా నడిపి చూపించమని అడగవచ్చు.